ఏమీ అడగని ఉత్తరానికి ఊహించి జవాబివ్వాలా, ప్రశ్న అడగాలా?

ప్రశ్న: "మా సపోర్ట్ విభాగానికి వచ్చే ఉత్తరాల్లో కొన్నింట్లో అడిగినదంటూ ఏమీ ఉండదు. ఒక ఎర్రర్ ముక్కో, ఒక స్క్రీన్‌షాటో పెట్టి ఊరుకుంటారు. ఎదురు ప్రశ్న వేస్తే మనకు పని రాదనుకుంటారు, అర్థం చేసుకుని జవాబు ఇచ్చేయాలి అని మా సీనియర్ అంటారు. నేను ఊహించి ఇచ్చిన జవాబులు చాలాసార్లు తప్పుతున్నాయి. అడగవచ్చా? అడిగితే ఎలా అడగాలి?"

జవాబు:

అడగాలి. అయితే ఒక్క ప్రశ్నే అడగాలి, చదవగానే జవాబు చెప్పగలిగేంత చిన్నదిగా ఉండాలి, వారు పంపినదాన్ని మీరు నిజంగా చదివారని ఆ ప్రశ్నలోనే కనిపించాలి. ఈ మూడూ ఉన్న ప్రశ్నను చూసి మనకు పని రాదని అనుకున్నవారిని నేను చూడలేదు. మీ సీనియర్ గారి భయం నిజమయ్యేది "మీ సమస్యను వివరంగా తెలియజేయండి" అనే రకం ప్రశ్నల విషయంలో, ఎందుకంటే అది ఉత్తరం తెరవకుండా కూడా రాయగలిగిన మాట అని అవతలివారికి వెంటనే తెలిసిపోతుంది. డేటాబేస్ సపోర్ట్‌లో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. నా ఊహ వల్ల ఒక ఖాతాదారుకు జరిగిన నష్టాన్ని మొదటినుంచి చివరివరకు చెబుతాను, ఎందుకంటే ప్రశ్న ఎలా ఉండాలన్నది నాకు తేటపడింది అక్కడే.

ఒక ఉదయం వచ్చిన ఆ ఉత్తరానికి "ఇన్‌వాయిస్ ఇంపోర్ట్" అని శీర్షిక ఉంది. లోపల ఈ రెండు వరుసలు, వాటి కింద "చూడగలరు" అన్న ఒక్క మాట, జతగా వెయ్యి ఇన్‌వాయిస్‌ల ఫైలు ఒకటి. అంతే.

```
ERROR:  duplicate key value violates unique constraint "invoices_pkey"
DETAIL:  Key (id)=(48213) already exists.
```

పోస్ట్‌గ్రెస్ డేటాబేసు వాడేవారికి ఇది కొత్త దోషం కాదు. పట్టికలో ప్రతి ఇన్‌వాయిస్‌కూ వేరే సంఖ్య ఉండాలి, 48213 అప్పటికే ఉంది, మళ్లీ అదే సంఖ్యతో ఇంకొకటి చేర్చబోయారు కనుక చేర్చనివ్వను అని దాని అర్థం. అది చెప్పేది అంతవరకే. ఆ రెండో 48213 ఎక్కడిదో, పాతదే మళ్లీ వచ్చిందో, పేరు ఒకటైనా మనిషి వేరైనట్లు సంఖ్య మాత్రమే ఒకటైన మరో ఇన్‌వాయిస్సో ఆ దోషానికి తెలియదు. పైగా అది మొదటి ఢీ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, ఇలాంటివి ఒకటున్నాయో మూడు వందలున్నాయో కూడా దాన్ని చూసి చెప్పలేము.

నాకు మాత్రం చదవగానే కథ మొత్తం తెలిసిపోయినట్లు అనిపించింది. ఒకసారి ఎక్కించిన ఫైలునే మరచిపోయి రెండోసారి ఎక్కిస్తున్నారు, ఇది నెలలో రెండు మూడుసార్లు చూసేదే అనుకున్నాను. ఫైలును తాత్కాలిక పట్టికలోకి తెచ్చి, ఉన్నవాటిని వదిలేసి లేనివాటిని మాత్రమే చేర్చే ఆదేశం ఒకటి రాసి పంపాను.

```
INSERT INTO invoices
SELECT * FROM invoices_import
ON CONFLICT DO NOTHING;
```

గంటలోపే "పని అయిపోయిందండి, ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది. టికెట్ మూసేశాను. ఆ రోజు నేను వేగంగా తేల్చిన పనుల్లో అదీ ఒకటి.

మూడు వారాల తరువాత వారి లెక్కల విభాగం నుంచి ఫోన్ వచ్చింది. ఒక శాఖ అమ్మకాలు ఉండవలసినదాని కంటే తక్కువగా, ఇంకో శాఖవి ఎక్కువగా కనిపిస్తున్నాయి. తవ్వి చూస్తే విషయం ఇది. వారి రెండు శాఖలు అంతవరకు వేర్వేరు డేటాబేసులు వాడుతూ, ఎవరి ఇన్‌వాయిస్‌లకు వారు వరుస సంఖ్యలు వేసుకుంటూ వచ్చాయి. ఇప్పుడు రెండింటినీ కలిపే పని మొదలైంది. ఆ ఫైలు రెండో శాఖది. అందులోని వెయ్యి ఇన్‌వాయిస్‌లలో 312 సంఖ్యలు మొదటి శాఖ సంఖ్యలతో ఢీకొన్నాయి, ఇన్‌వాయిస్‌లు మాత్రం పూర్తిగా వేరు. నేనిచ్చిన ఆదేశం ఆ 312నూ ఏ హెచ్చరికా లేకుండా వదిలేసింది. అంతటితో ఆగినా బాగుండేది. ప్రతి ఇన్‌వాయిస్‌లోని వస్తువుల వివరాలు వేరే పట్టికలో ఉంటాయి, అవి వేరే ఫైలుగా తరువాత ఎక్కాయి. ఆ పట్టికలో వరుస సంఖ్యలు డేటాబేసే వేస్తుంది కనుక అక్కడ ఢీ రాలేదు, ప్రతి వస్తువూ చూపే ఇన్‌వాయిస్ సంఖ్య పట్టికలో ఉన్నదే కనుక అక్కడా అభ్యంతరం రాలేదు. ఫలితంగా రెండో శాఖ అమ్మిన వస్తువులు మొదటి శాఖ ఇన్‌వాయిస్‌లకు అతుక్కున్నాయి. వాటిని విడదీసి, 312 ఇన్‌వాయిస్‌లకు కొత్త సంఖ్యలు వేసి, మూడు వారాల్లో వాటిపై జరిగిన మార్పులను ఒక్కొక్కటిగా సరిచూడడానికి ఇద్దరికి నాలుగు రోజులు పట్టింది.

ఆ ఆదేశం నడిచిన వెంటనే తెర మీద `INSERT 0 688` అని వచ్చి ఉంటుంది. చివరి అంకె నిజంగా చేరిన వరుసల లెక్క. ఫైలులో వెయ్యి ఉండగా 688 ఎందుకు అని అడగాలని పంపినవారికి తెలియదు, ఆ వరుసను నాకు పంపమని నేను చెప్పలేదు. అసలు నా ఊహే నిజమై, అదే ఫైలు రెండోసారి ఎక్కుతూ ఉంటే, అక్కడ సున్నా రావాలి.

ఆ ఉత్తరం పంపినాయన ఫోన్‌లో నన్ను నిందించలేదు. "రెండు వైపులా ఒకే నంబర్లు ఉన్నాయి కదండీ, ఏ వైపువి మార్చాలో మీరు చెబుతారనుకుని పంపాను, మీరు ఆదేశం పంపారు, అదే పద్ధతేమో అనుకున్నాను" అన్నారు. అంటే ఆయన మనసులో అభ్యర్థన స్పష్టంగానే ఉంది. తన చేతిలో ఉన్న పని తనకు తెలుసు కాబట్టి, ఆ రెండు వరుసలు చూపిస్తే చాలు, అడిగినట్లేనని ఆయన అనుకున్నారు. ఏమీ అడగని ఉత్తరాలు దాదాపు అన్నీ ఇలాంటివే. రాసినవారి దృష్టిలో అవి పూర్తి ఉత్తరాలు. అందుకే వారిని అడిగితే చికాకు పడతారని భయపడనవసరం లేదు, చెప్పడానికి జవాబు వారి దగ్గర సిద్ధంగానే ఉంటుంది.

ఇప్పుడు, ఆ ఉదయం నేను ఏమి అడిగి ఉండవలసింది? మనకు సాధారణంగా తోచే ప్రశ్నలను ఆ ఉత్తరం మీదే పెట్టి చూడండి.

"మీకు ఏమి కావాలి?" అన్నది మర్యాద సంగతి పక్కన పెట్టినా, రాసే శ్రమనంతా తిరిగి ఆయన మీదే పెడుతుంది. ఆయన మళ్లీ అదే దోషాన్ని, ఈసారి "ఇది వస్తోంది" అన్న మాట చేర్చి పంపుతారు. "మీరు వాడుతున్న వెర్షన్ ఏది?" అన్నది ఇంకో రకం పొరపాటు. అది రోగ నిర్ధారణ ప్రశ్న. ఆ దోషాన్ని తొలగించాలన్నదే ఆయన కోరిక అని ముందే తీర్మానించుకుని, దానికి కావలసిన వివరం అడుగుతోంది. అభ్యర్థనే తెలియనప్పుడు నిర్ధారణ ప్రశ్నలు వేయడం ఊహించడంతో సమానం, ప్రశ్నార్థకం ఉండడం వల్ల మనకు అలా కనిపించదు, అంతే.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది, నా మనసులోని ఊహనే ప్రశ్నగా మార్చి "ఇది ఇంతకుముందు ఎక్కించిన ఫైలేనా?" అని అడగడం. అడిగి ఉంటే ఆయన "అవును" అనేవారు. నిజంగానే ముందు రోజు ఒకసారి ఎక్కించబోయారు. ఒకే ఆదేశంగా నడిచే ఇన్సర్ట్ మధ్యలో విఫలమైతే ఒక్క వరుస కూడా చేరదు కాబట్టి, ఆ ప్రయత్నం వల్ల పట్టికలో ఏమీ మిగలలేదు, కానీ ఆ సంగతి ఆయనకు తెలియదు. నా ప్రశ్నకు నిజమైన జవాబే చెప్పేవారు, ఆ జవాబు నా తప్పు ఊహకు ముద్ర వేసేది. అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలో మన కథ దాగి ఉంటుంది, అవతలివారు ఆ కథను చూడలేరు, కేవలం మాటలకు జవాబు చెబుతారు.

పనికొచ్చే ప్రశ్న నాలుగు మాటలది: "ఈ ఫైలును దేనికోసం ఎక్కిస్తున్నారు?" ఇది ఆయన పంపిన వస్తువును పట్టుకుని అడుగుతోంది కనుక గాలిలో లేదు. ఏ కారణాన్నీ ముందే అనుకోవడం లేదు కనుక ఆయనను ఏ దారిలోకీ నెట్టడం లేదు. "రెండో శాఖ డేటాను కలుపుతున్నామండి" అని ఒక్క వాక్యం రాస్తే చాలు, ఆయనకు అర నిమిషం పని. ఆ వాక్యం చూసిన ఏ డేటాబేస్ మనిషీ వదిలివేసే ఆదేశం ఇవ్వడు.

ఇది నేను కనిపెట్టినది కాదు. గ్రంథాలయాల్లో పాఠకుడు అడిగేదానికీ అతనికి కావలసినదానికీ మధ్య తేడా ఉంటుందని రిఫరెన్స్ లైబ్రేరియన్లకు చాలా కాలంగా తెలుసు. బ్రెండా డెర్విన్, ప్యాట్రీషియా డ్యూడ్నీ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఇలాంటి తటస్థ ప్రశ్నల గురించి రాశారు. మనిషి ఏ పరిస్థితిలో ఉన్నాడు, ఎక్కడ ఆగిపోయాడు, దొరికినదాన్ని ఏమి చేయబోతున్నాడు అన్న మూడు వైపులనుంచి అడగమని వారి సూచన. ముఖాముఖి మాటల్లో మూడూ అడగవచ్చు. ఉత్తరంలో ఒక్కదానికే చోటుంది కనుక, నా అనుభవంలో మూడోది, అంటే దేనికోసం అన్నది, మిగతా రెండింటినీ తనతో లాక్కొస్తుంది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్త. "దేనికోసం" అనండి, "ఎందుకు" అనకండి. "ఈ ఫైలు ఎందుకు ఎక్కిస్తున్నారు?" అంటే మన భాషలో నిలదీసినట్లు ఉంటుంది, ఎక్కించకూడనిది ఎక్కించారేమో అని అవతలివారు సంజాయిషీ రాయడం మొదలుపెడతారు. అలాగే "చూడగలరు" అన్న మాటను అభ్యర్థనగా లెక్క వేయకండి. కొందరు దాన్ని మీకు తెలియడం కోసం అన్న అర్థంలో రాస్తారు, కొందరు దీని సంగతి మీరే చూసుకోండి అన్న అర్థంలో రాస్తారు. "తగు చర్య తీసుకోగలరు" కూడా అంతే, చర్య కావాలని చెబుతుంది గాని ఏ చర్యో చెప్పదు. ఇవి మన ఉత్తరాల్లో మర్యాదకోసం ఉండే ముగింపులు, వాటి మీద పని మొదలుపెట్టకూడదు.

ప్రశ్న ఎంత విశాలంగా ఉండాలి, ఎంత నిర్దిష్టంగా ఉండాలి అన్నది తరువాతి సంగతి. మాటల్లో ఒకరు చెప్పినది సరిగా అందనప్పుడు మనం చేసేది గమనించండి. అసలేమీ వినబడకపోతే "ఆఁ?" అంటాం. ఎవరో వచ్చారని తెలిసి పేరు అందకపోతే "ఎవరు వచ్చారు?" అంటాం. దాదాపు అంతా అందితే "రేపు అన్నారా?" అని సరిచూసుకుంటాం. భాషాశాస్త్రవేత్త మార్క్ డింగమాన్స్, ఆయన సహచరులు పన్నెండు భాషల సంభాషణలను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ మూడు రకాలూ అన్ని భాషల్లోనూ కనిపించాయి, సగటున ప్రతి 1.4 నిమిషాలకు ఒకసారి ఎవరో ఒకరు ఇలా అడుగుతున్నారు. అడిగేవారు తమకు అందినంతలో అత్యంత నిర్దిష్టమైన రూపాన్నే ఎంచుకుంటారని కూడా వారు గమనించారు. అంటే అడగడం మాటకు అడ్డు కాదు, మాటలో భాగమే. ఇంకా, నాకు ఇంతవరకు అర్థమైంది, ఈ ఒక్క చోట ఆగాను అని చూపే ప్రశ్న అవతలివారి శ్రమను తగ్గిస్తుంది. ఉత్తరంలో "వివరంగా తెలపండి" అనడం ఎదుటివారు పది నిమిషాలు మాట్లాడాక "ఆఁ?" అన్నట్లే ఉంటుంది.

కాబట్టి ప్రశ్నకు ముందు మీకు అందినదేమిటో ఒక వాక్యంలో పెట్టండి. ఆ ఉత్తరానికి ఇప్పుడైతే ఇలా రాస్తాను:

"నమస్కారమండి. ఫైలు చూశాను, వెయ్యి ఇన్‌వాయిస్‌లు ఉన్నాయి, వాటిలో కనీసం 48213 సంఖ్య మీ పట్టికలో ఇప్పటికే ఉంది. మనం మాట్లాడుకునేవరకు ఇన్‌వాయిస్‌ల పట్టికలో ఏ వరుసనూ తొలగించకండి, మార్చకండి. ఈ ఫైలును దేనికోసం ఎక్కిస్తున్నారు?"

ప్రశ్న చివరన ఉంది, దాని తరువాత ఏమీ లేదు. మధ్యలో ఇరికించిన ప్రశ్న ఫోన్ తెర మీద చదివేవారి కంట పడదు. తొలగించవద్దన్న జాగ్రత్త ఎందుకు ఉందంటే, జవాబు ఏదైనా అది చెల్లుతుంది. అలా ఏ జవాబుకైనా చెల్లే పని ఉంటే ప్రశ్నతో పాటే చెప్పేయండి, ముఖ్యంగా అవతలివారి పగలు మీకు రాత్రి అయ్యే చోట్ల, ఎందుకంటే అక్కడ ఒక ప్రశ్న ఖరీదు ఒక రోజు. ఆ రోజు ఖాళీగా పోకూడదు.

రెండో ప్రశ్న చేర్చాలని చేయి లాగుతుంది. "ఎక్కించే ముందు బ్యాకప్ తీసుకున్నారా?" అని కూడా అడిగితే సమయం కలిసివస్తుంది కదా అనిపిస్తుంది. నేను చూసినంతలో రెండు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో ఎక్కువభాగం ఒక్కదానికే ఉంటాయి, అదీ తేలికైనదానికి. బ్యాకప్ గురించి "తీసుకున్నామండి" అని వస్తుంది, ఫైలు సంగతి అలాగే ఉండిపోతుంది, ఇప్పుడు మీరు మళ్లీ అడగాలి, ఈసారి నిజంగానే విసుగు పుడుతుంది. ఇది కాదంటే అది అని రెండు దారులు చూపి ఎంచుకోమనడం కొన్నిసార్లు బాగానే పనిచేస్తుంది, కాని దానికీ ఒక లోపం ఉంది. "పాత ఫైలు మళ్లీ ఎక్కిస్తున్నారా, కొత్తదా?" అని అడిగితే "అవునండి" అనే జవాబు వస్తుంది, ఏది అవునో తెలియదు. లేదా రెండూ సరిపోకపోయినా దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటారు. దారులు చూపక తప్పదనుకుంటే "ఈ రెండూ కాకుండా వేరే పనైతే అదేమిటో చెప్పండి" అన్న తలుపు తెరిచి ఉంచండి.

ఇంతకీ ప్రతి ఉత్తరానికీ అడగనవసరం లేదు, అడిగితే మీ సీనియర్ గారి మాటే నిజమవుతుంది. నేను చేసేది చెబుతాను. ఆ ఉత్తరానికి తోచిన రెండు అర్థాలను కాగితం మీద రాస్తాను, ఒక్కొక్క అర్థం నిజమైతే నేను మొదట పంపే జవాబు ఏదో పక్కన రాస్తాను. రెండు జవాబులూ ఒకటే అయితే ప్రశ్న వృథా, ఆ జవాబు పంపేస్తాను. లాగిన్ తెర మీద "పాస్‌వర్డ్ గడువు తీరింది" అన్న స్క్రీన్‌షాట్ ఒక్కటే వచ్చిందనుకోండి, పంపినవారు ఏ పనిమీద ఉన్నా మొదటి అడుగు పాస్‌వర్డ్ మార్చుకోవడమే. అక్కడ "మీకు ఏ సహాయం కావాలి?" అని అడిగితే వారికి కోపం రావడం న్యాయమే. రెండు జవాబులూ వేరైతే, వాటిని విడదీసే విషయమే మీ ప్రశ్న. నా ఇన్‌వాయిస్‌ల ఉదాహరణలో ఒక అర్థానికి జవాబు "ఉన్నవాటిని వదిలేయండి", ఇంకో అర్థానికి జవాబు "ఒక్కటి కూడా వదలకుండా కొత్త సంఖ్యలు వేయండి". ఒకదానికొకటి ఎదురు. రెండో అర్థాన్ని నేను రాసుకొని ఉంటే చాలు, వేలు ఆగేది. నాకు లోపించింది పోస్ట్‌గ్రెస్ జ్ఞానం కాదు, రెండో అర్థం ఉండవచ్చునన్న ఆలోచన. మొదటి అర్థం మరీ తేలికగా, మరీ త్వరగా తోచినప్పుడే ఈ కాగితం పని ఎక్కువ అవసరం.

ఇంకొక కొలత కూడా చూడండి. మీ ఊహ తప్పితే ఆ తప్పు కనిపిస్తుందా? పాస్‌వర్డ్ మార్చమని తప్పుగా చెప్పినా వారు మరుసటి నిమిషంలో తిరిగి రాస్తారు. నా ఆదేశం తప్పు కనిపించకపోవడమే కాదు, అప్పటివరకు కనిపిస్తున్న దోషాన్ని కూడా మాయం చేసింది. ఎర్రర్‌ను నోరు మూయించే సలహా ఏదైనా, అంటే వదిలేయి, దాటవేయి, తనిఖీ తీసేయి అనేది ఏదైనా, అడగకుండా ఇవ్వకూడదని అప్పటినుంచి మా బృందంలో పద్ధతి పెట్టుకున్నాం.

అడగకుండా వెంటనే కదలవలసిన సందర్భాలూ ఉన్నాయి. పంపిన లాగ్‌లో పాస్‌వర్డో, రహస్య కీయో బయటపడి ఉంటే ముందు దాన్ని రద్దు చేసుకోమని చెప్పండి, మిగతాది తరువాత. డిస్క్ నిండిపోతున్నట్లు కనిపిస్తే చోటు ఖాళీ చేసే మాట ముందు. ఇక మూసిన టికెట్‌కు "ధన్యవాదాలు" అని వచ్చి అది మళ్లీ తెరుచుకుంటే ఏమీ అడగకుండా మూసేయండి. చాట్‌లో ఒక్క "హాయ్" వస్తే "నమస్కారమండి, చెప్పండి" చాలు.

టికెట్ల పద్ధతిలో ఒక చెడు అలవాటు గురించి చెప్పాలి. చాలా చోట్ల మనం ప్రశ్న పంపి టికెట్‌ను పెండింగ్‌లో పెడితే, జవాబు వచ్చేవరకు మన గడువు గడియారం ఆగుతుంది. అందువల్ల పని ఎక్కువైన రోజు సాయంత్రం ఒక ప్రశ్న విసిరి గడియారం ఆపేయాలనిపిస్తుంది. అలాంటి ప్రశ్నను గుర్తుపట్టడం తేలిక: దానికి జవాబు ఏది వచ్చినా మీ తరువాతి అడుగు మారదు. బృందాన్ని చూసుకునేవారు పెండింగ్ టికెట్లలో కొన్నింటిని తీసి ఈ ఒక్క సంగతి పరీక్షిస్తే ఎవరు అర్థం చేసుకోవడానికి అడుగుతున్నారో, ఎవరు కాలం గడపడానికి అడుగుతున్నారో తెలుస్తుంది. మీ సీనియర్ గారు ప్రశ్నలంటే అయిష్టపడడానికి వెనుక ఇలాంటి అనుభవమే ఉండవచ్చు, కనుక ఆయనతో వాదించేకంటే మీరు పంపబోయే ప్రశ్నను, పక్కన రాసుకున్న ఆ రెండు జవాబులను ఒకసారి ఆయనకు చూపండి.

అడిగాక జవాబు రాకపోతే రెండు రోజులు ఆగి అదే ప్రశ్నను అవే మాటల్లో మళ్లీ పంపండి. కొత్త ప్రశ్న వేయకండి, మొదటిది చదివి జవాబు ఆలోచిస్తున్నవారు తికమక పడతారు. అప్పటికీ రాకపోతే, జవాబు రాలేదు కదా అని మీ ఊహను పంపేయకండి. ఆ స్థితిలో నేను రాసేది ఇది: "మీ జవాబు అందలేదు కనుక ఈ టికెట్‌ను ప్రస్తుతానికి మూస్తున్నాను. మీ డేటాబేసులో మేము ఏ మార్పూ చేయలేదు, చేయమని మీకూ చెప్పలేదు. ఆ ఫైలును దేనికోసం ఎక్కిస్తున్నారో ఈ ఉత్తరానికే జవాబుగా రాస్తే టికెట్ మళ్లీ తెరుచుకుంటుంది." మధ్యలోని వాక్యాన్ని మాత్రం తీసేయకండి. ఆరు నెలల తరువాత ఇంకొకరు ఆ టికెట్ తెరిచినప్పుడు, అక్కడ ఏదో సరిచేసి ఉంటారని వారు అనుకోకుండా ఆపేది అదే.